బాకీ లేదని రాసివ్వండి

అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజున ఫోన్‌లో కరెంటు బిల్లు తెరిచి ‘అంతా కట్టేశానండీ, చూడండి’ అని ఓనరుకు చూపిస్తుంటారు చాలామంది. చూపించేది నిజమే. కాకపోతే ఆ బిల్లు మీటరు రీడర్ ఆఖరిసారి వచ్చి వెళ్లిన రోజు వరకే. ఆ తర్వాత తిరిగిన ఫ్యాన్లూ, వేసవి అయితే ఏసీలూ ఇంకా ఏ బిల్లులోకీ ఎక్కలేదు. అవి ఎక్కేది వచ్చే నెలలో. అప్పటికి అద్దెదారు వేరే కాలనీలో పాలు పొంగించుకుని కూడా ఉంటాడు. అడ్వాన్సు తిరిగివ్వడానికి ఓనర్లు ‘ఇంకో నెల ఆగండి, బిల్లు రానీయండి’ అనేది ఇందుకే. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఆ నెల రెండు నెలలై, ఆపైన ‘పెయింటింగ్ అయ్యాక చూద్దాం’గా మారినప్పుడే అన్యాయం మొదలవుతుంది.

ఈ తగువు రాకుండా చేసేది ఒక చిన్న కాగితం. ‘ఈ ఫ్లాటులో ఫలానా తేదీ వరకు ఉన్న అద్దెదారు అద్దె, కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ అన్నీ చెల్లించారు, మాకు వారి నుంచి రావలసింది ఏమీ లేదు’ అని ఓనరు సంతకం పెట్టి ఇచ్చే నో డ్యూస్ లెటర్. ప్రభుత్వ క్వార్టర్లలో ఉండి రిటైరైన వాళ్లకు ఇది కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి క్వార్టరు ఖాళీ చేసి, బాకీలేమీ లేవన్న సర్టిఫికెట్ తెచ్చేదాకా గ్రాట్యుటీలో కొంత భాగం ఆపి ఉంచుతారు. ప్రైవేటు ఇళ్లలో ఆ అలవాటు లేదు. తాళాలు చేతిలో పెట్టడం, ‘మంచిదండీ, ఉంటాం’ అనడంతో అయిపోతుంది.

అడిగినా వచ్చేది ఎలా ఉంటుందంటే, వాట్సాప్‌లో ‘నో డ్యూస్, థాంక్యూ’ అని ఒక ముక్క. ఏమీ లేకపోవడం కన్నా అది నయమే. కానీ ఏ తేదీ దాకా లేవు, ఏ మీటరు రీడింగు దాకా లేవు, మెయింటెనెన్స్ ఏ నెల దాకా కట్టినట్టు అన్నవి అందులో లేకపోతే రెండు నెలల తర్వాత ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు. ఆ కాగితానికి బలం తేదీలూ అంకెలూ ఇస్తాయి. ‘ఏమీ లేదు’ అన్న మాట ఒక్కటే ఇవ్వదు.

ఎలా రాయించుకోవాలో ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక డబుల్ బెడ్‌రూం ఫ్లాటు అనుకోండి. అద్దె 24,000, అడ్వాన్సు రెండు నెలలది, 48,000. వెళ్లేటప్పుడు పెయింటింగ్‌కు 9,000 పట్టుకోవాలని అగ్రిమెంటులోనే ఉంది. మెయింటెనెన్స్ నెలకు 2,500, అసోసియేషన్‌కు అద్దెదారే కట్టాలి. కుటుంబం మే 31న ఖాళీ చేస్తోంది.

ముందు కరెంటు. ఈ ఇంటికి మీటరు రీడర్ వచ్చేది ప్రతి నెలా 12 ప్రాంతంలో. మే 12 నాటి బిల్లులో రీడింగు 14,620. ఖాళీ చేసే రోజు పొద్దున మీటరు చూస్తే 14,776. అంటే బిల్లుకెక్కని వాడకం 19 రోజుల్లో 156 యూనిట్లు. వీటికి డబ్బెంత అన్నది అనిపించినంత తేలిక కాదు, స్లాబులు అడ్డొస్తాయి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం నెల వాడకం 200 యూనిట్లు దాటని ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. అలా చూస్తే 156 యూనిట్లకు దాదాపు 609 రూపాయలు. ఇక ఈ కుటుంబం వెళ్లాక పెయింటర్లు వచ్చి లైట్లేసుకుని పనిచేశారు, జూన్ 7న కొత్త వాళ్లు దిగారు. జూన్ 12 నాటికి ఇంకో 54 యూనిట్లు కాలాయి. మొత్తం 210. రెండు వందలు దాటడంతో లెక్క మొత్తం మారిపోతుంది. మొదటి రెండు వందల యూనిట్లకూ 5.10 చొప్పున, పై పదికి 7.70 చొప్పున పడి బిల్లు 1,097 అవుతుంది. అందులో 156 యూనిట్ల వంతు 815. అదే వాడకానికి 206 రూపాయల తేడా, తర్వాత వచ్చిన వాళ్ల వల్ల.

అద్దెదారుకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. ఓనరు వైపు నుంచీ ఒక వాదన లేకపోలేదు. పందొమ్మిది రోజుల్లో 156 కాల్చినవాళ్లు నెలంతా ఉంటే వాళ్లే 250 దాటేవాళ్లు కదా అంటాడు. ఇద్దరిదీ కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఏదో ఒక లెక్క ఒప్పుకుని, ఆ రోజే మొత్తం తేల్చి, దాన్ని ఆఖరి లెక్కగా కాగితం మీద రాసుకోవడం మేలు. మన ఉదాహరణలో ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీల్లో ఆ రోజుల వంతు, డ్యూటీ కలిపి 700 అనుకున్నారు. వంద రూపాయలు అటూఇటూ అయినా జూన్ బిల్లు కోసం ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. అడ్వాన్సు మొత్తం నెల రోజులు ఆగిపోవడంతో పోలిస్తే ఆ వంద ఏపాటిది?

రీడింగు విషయంలో ఒక్క జాగ్రత్త. ఫొటోలో అంకెలతో పాటు మీటరు నంబరు కూడా పడాలి. అపార్టుమెంటు కింద పది మీటర్లు ఒకే బోర్డు మీద వరసగా ఉంటాయి. ఫ్లాటు నంబర్లు ఎప్పుడో పెయింటుతో రాసినవి, సగం చెరిగిపోయి ఉంటాయి. పక్క ఫ్లాటు మీటరును ఫొటో తీసుకుని వెళ్లే ప్రమాదం ఉంది. బిల్లు మీద ఉన్న మీటరు నంబరుతో, సర్వీసు నంబరుతో సరిచూసుకుంటే ఆ చిక్కు రాదు.

ఈ కరెంటు బాకీ గురించి ఓనర్లు ఎందుకంత పట్టుబడతారో కూడా తెలియాలి. సర్వీసు వాళ్ల పేరు మీద ఉంటుంది. డిస్కం దృష్టిలో వినియోగదారుడు ఓనరే, అద్దెదారు ఆ లెక్కలోనే లేడు. బిల్లు మిగిలిపోతే కనెక్షన్ తీసేది ఆ ఇంటికే, అడిగేది ఓనరునే. ఇల్లు అమ్మినా పాత బాకీ వెంటపడుతుంది. కొత్త యజమాని కనెక్షన్ కావాలంటే పాత యజమాని బకాయి కట్టాలని షరతు పెట్టే నిబంధనలు చెల్లుతాయని 2023 మేలో సుప్రీంకోర్టు, కేరళ విద్యుత్ బోర్డు కేసులో తీర్పు ఇచ్చింది. కాబట్టి అద్దెదారు నో డ్యూస్ అడుగుతున్నాడంటే ఓనరు నొచ్చుకోవాల్సిన పని లేదు. ఆ కాగితంలో ఆఖరి రీడింగు ఉండటం అతనికీ రక్షణే.

ఇదే సర్వీసు లెక్కలో అద్దెదారు నెత్తిన పడకూడనివి కూడా కొన్ని ఉంటాయి. ఏడాది వాడకం పెరిగిందని డిస్కం అడిగే అదనపు డిపాజిట్ అందులో ఒకటి, బిల్లు మీద ఏసీడీ అని ఉంటుంది. అది డిపాజిట్, ఖర్చు కాదు. సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోనే నిలవ ఉంటుంది. అద్దెదారు మొత్తం బిల్లుతో పాటు దాన్నీ కట్టేసి ఉంటే, వెళ్లేటప్పుడు ఓనరు దగ్గర తిరిగి అడగడం సబబు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం ఉంది. 2014–19 మధ్య వాడిన కరెంటుకు ట్రూ అప్ ఛార్జీలను 2022 నుంచి వాయిదాల్లో వసూలు చేశారు. ఎప్పుడో ఆ ఇంట్లో ఉండి వెళ్లిన వాళ్ల వాడకానికి, ఇప్పుడున్న వాళ్ల బిల్లులో డబ్బు పడింది. ‘మీరు ఉన్న కాలానికి తర్వాత సర్దుబాటు ఛార్జీలు వస్తే?’ అని ఓనరు అడిగితే అది ఊహించి అడిగిన ప్రశ్న కాదన్నమాట. జవాబు ముందే రాసుకోవాలి. తాళాలు ఇచ్చాక వచ్చే ఇలాంటి సర్దుబాట్లు ఓనరువే అని రాయించుకోగలిగితే అద్దెదారు పూర్తిగా బయటపడినట్టు.

ఇక అసోసియేషన్. ఇక్కడ వచ్చే గందరగోళం వేరు. అసోసియేషన్ పుస్తకంలో ఖాతా ఉండేది ఫ్లాటుకు, మనిషికి కాదు. మన కుటుంబం మే నెల దాకా మెయింటెనెన్స్ ఒక్క నెల కూడా తప్పకుండా కట్టింది. అయినా లారీ మాట్లాడుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్తే ‘మీ ఫ్లాటు మీద 6,000 ఉందండీ, అది క్లియర్ అయితేనే గేట్ పాస్’ అన్నారు. లెడ్జరు తీయించి చూస్తే అందులో 3,500 లిఫ్టు మోటారు మార్చినప్పుడు ఫ్లాటుకింతని వేసుకున్నది. మిగతా 2,500 ఇంతకుముందున్న అద్దెదారు ఎగ్గొట్టి వెళ్లిన ఒక నెల మెయింటెనెన్స్. రెండూ వీళ్లవి కావు.

లిఫ్టు మోటారు, భవనానికి రంగులు, కార్పస్ ఫండ్ లాంటివి ఆస్తి మీద పెట్టే ఖర్చులు. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే తప్ప అవి ఓనరువి. వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు, చెత్త, సంపు శుభ్రం చేయడం, నీళ్ల ట్యాంకర్లు ఇంట్లో ఉన్నవాళ్ల వాడకం. అసోసియేషన్‌లో సభ్యుడు ఓనరే కాబట్టి పాత బకాయి అడగాల్సింది అతన్ని. ఈ ముక్క సెక్రటరీకీ తెలుసు. కాకపోతే ఓనరు అమెరికాలో ఉంటాడు, ఫోనెత్తడు. ఎదురుగా సామాను కట్టుకుని నిలబడ్డ మనిషి దొరికాడు కాబట్టి ఇతన్ని అడుగుతారు. లారీ ఎక్కిన సామాను గేటు దగ్గర ఆగితే ఎవరైనా ఆరు వేలు పారేసి బయటపడదామనే చూస్తారు.

ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే కనీసం పది పదిహేను రోజుల ముందే లెడ్జరు అడగాలి. గేటు యాప్ ఉన్న సొసైటీల్లో అది ఫోన్‌లోనే కనిపిస్తుంది, లేనిచోట ట్రెజరర్ దగ్గర నోటు పుస్తకం ఉంటుంది. అందులో మీరు దిగిన తేదీ నుంచి వెళ్లే తేదీ వరకు ఉన్న వరుసలు చాలు. మీవి కాని మొత్తాలు కనిపిస్తే వాటి ఫొటో తీసి అదే రోజు ఓనరుకు పంపి, ‘ఇవి మీ ఖాతావి, మీరు సెక్రటరీ గారితో మాట్లాడండి’ అని రాయాలి. ఓనరు కట్టినా కట్టకపోయినా అసోసియేషన్ ఇచ్చే కాగితంలో ‘ఫ్లాటుకు బాకీ లేదు’ అనే బదులు ‘ఫలానా తేదీ నుంచి మే 31 వరకు ఈ అద్దెదారు నెలవారీ మెయింటెనెన్స్ పూర్తిగా చెల్లించారు’ అని రాయమని అడగొచ్చు. మొదటి వాక్యం మీద సంతకం పెట్టడానికి సెక్రటరీకి నిజంగానే ఇబ్బంది ఉంది, ఫ్లాటు మీద బాకీ ఉంది కదా. రెండోది పెట్టడానికి ఏ ఇబ్బందీ లేదు.

మెయింటెనెన్స్‌లోనూ కరెంటు లాగే వెనక నుంచి వచ్చేది ఒకటుంది, ట్యాంకర్ల డబ్బు. ఏప్రిల్, మే నెలల్లో బోర్లు ఎండి రోజుకు నాలుగైదు ట్యాంకర్లు తెప్పిస్తారు. లెక్క చూసి ఇంటికింతని వేసేది జూన్‌లో. మే 31న వెళ్లే కుటుంబం ఆ నీళ్లు వాడింది, కాబట్టి అది వాళ్లు ఇవ్వాల్సిందే. ట్రెజరర్‌ని అడిగితే ఇప్పటిదాకా అయిన ట్యాంకర్ల లెక్క చెబుతారు. మన ఉదాహరణలో ఇంటికి 700 తేలింది. అద్దెదారు తనంత తానుగా ఈ లెక్క తెచ్చి పెడితే ఓనరుకు అతని మిగతా మాటల మీద కూడా గురి కుదురుతుంది. ఇలాంటి విషయాల్లో అది చిన్న లాభం కాదు.

పైపు గ్యాసు ఉంటే దానికీ ఆఖరి రీడింగు తీసుకోవాలి. కరెంటు కంటే దాని బిల్లు ఇంకా ఆలస్యంగా వస్తుంది. సిలిండరు అయితే మీ పేరునే ఉంటుంది, ఇంటితో సంబంధం లేదు. ఆస్తిపన్ను ఓనరుది.

ఇప్పుడు లెక్క మొత్తం. అడ్వాన్సు 48,000లోంచి పెయింటింగ్ 9,000, కరెంటు 700, ట్యాంకర్లు 700 పోగా 37,600 రావాలి. ఓనరు ఇచ్చే కాగితం ఇలా ఉంటే సరిపోతుంది:

‘ఫ్లాటు నం. ….లో అద్దెకు ఉన్న శ్రీ/శ్రీమతి …. మే 31న ఇల్లు ఖాళీ చేసి, తాళాలు మూడు సెట్లు నాకు అప్పగించారు. మే నెలాఖరు వరకు అద్దె, మెయింటెనెన్స్ చెల్లించారు. కరెంటు మీటరు నం. …. ఆఖరి రీడింగు 14,776. ఆ రీడింగు వరకు వాడకానికి 700, మే నెలాఖరు వరకు నీళ్ల ట్యాంకర్లకు 700, ఒప్పందం ప్రకారం పెయింటింగ్‌కు 9,000 అడ్వాన్సు నుంచి మినహాయించుకున్నాను. మిగిలిన 37,600 ఈ రోజు బ్యాంకు ద్వారా తిరిగి చెల్లించాను, లావాదేవీ నంబరు …. . ఈ తేదీ తర్వాత వచ్చే కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ బిల్లులు, సర్దుబాటు ఛార్జీలు నావి. వీరి నుంచి నాకు రావలసిన బాకీ ఏదీ లేదు.’

కింద ఓనరు సంతకం. దాని పక్కనే ‘37,600 ముట్టింది, ఓనరు నుంచి నాకు రావలసింది లేదు’ అని అద్దెదారు సంతకం. రెండు కాపీలు, చెరొకటి. అయిదు వేలు దాటిన సొమ్ము ముట్టినట్టు రాసే రసీదుకు చట్టం ప్రకారం రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి కాబట్టి, సంతకాలు దాని మీద పెడితే తర్వాత ఆ విషయంలో పేచీ ఉండదు.

ఒక్క చోట మాత్రం గట్టిగా ఉండాలి. డబ్బు ఖాతాలో పడకముందు ముట్టిందని సంతకం పెట్టకూడదు. ‘సంతకం పెట్టండమ్మా, సాయంత్రం వేసేస్తా’ అన్న మాట చాలా మర్యాదగా వినిపిస్తుంది. ఆ సాయంత్రం రాకపోతే మీ సంతకమే మీకు ఎదురు సాక్ష్యం. ఓనరు ఆ రోజు నిజంగానే ఇవ్వలేకపోతే ‘తిరిగి చెల్లించాను’ బదులు ‘37,600 నేను జూన్ 10 లోపు చెల్లించాలి’ అని రాయిస్తే చాలు. ఒకరకంగా అది ఇంకా మంచిది. బాకీ ఎవరిది ఎవరికి అన్నది అంకెతో సహా ఓనరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఓనరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇక్కడ తాళాలు తీసుకునేది వాళ్ల నాన్నగారో బావమరిదో. ఆయన సంతకం పనికిరాదని కాదు. అయితే ఓనరు దగ్గర్నుంచి కూడా ఈమెయిల్లో ‘మా నాన్నగారు ఇచ్చిన లెక్క నాకు సమ్మతమే’ అని ఒక వాక్యం తెప్పించుకుంటే మంచిది. ఎలక్ట్రానిక్ రికార్డులకు 2000 నాటి ఐటీ చట్టం గుర్తింపు ఇచ్చింది కాబట్టి ఈమెయిలూ, వాట్సాప్ సందేశమూ రాతపూర్వకమైనవే. ఫోను మార్చినప్పుడు చాట్లు పోతుంటాయి, అందుకే ఈమెయిలు మేలు.

అడగడం ఎలా అన్నదే చాలామందికి అసలు ఇబ్బంది. మూడేళ్లు సొంతవాళ్లలా చూసుకున్న ఓనరు ఆంటీని ‘రాసివ్వండి’ అంటే నమ్మకం లేదనుకుంటారేమోనని. వెళ్లే రోజు సామాన్ల మధ్య అడిగితే అలాగే అనుకుంటారు. ఖాళీ చేస్తున్నామని చెప్పే సందేశంలోనే కలిపేస్తే ఎవరూ ఏమీ అనుకోరు: ‘అంకుల్, మే 31కి ఖాళీ చేస్తాం. ఆ రోజు మీటరు రీడింగు కలిసి చూసుకుని, మెయింటెనెన్స్ లెక్క ముగించి, ఇద్దరం ఒక కాగితం మీద సంతకాలు పెట్టుకుందాం. తర్వాత బిల్లుల గురించి మీకు ఫోన్లు చేసే శ్రమ ఉండదు.’ లెటరు టైపు చేసి తీసుకెళ్లే పని అద్దెదారే పెట్టుకోవాలి. రాయమంటే ‘రేపు చూద్దాం’ అనేవాళ్లు, రాసి తెచ్చిన దాని మీద సంతకానికి అంతగా వెనకాడరు.

ఎంత అడిగినా ఇవ్వకపోతే? అదే లెక్కను మీ తరఫున రాసి, మీటరు ఫొటో, మెయింటెనెన్స్ రసీదులు, తాళాలు అప్పగించిన తేదీ జతచేసి, ఈమెయిల్లోనూ స్పీడ్ పోస్టులోనూ ఓనరుకు పంపాలి. ఇందులో తప్పుంటే ఫలానా తేదీలోగా చెప్పమని అడగాలి. జవాబు రానంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. కానీ ఏడాది తర్వాత హఠాత్తుగా కొత్త బాకీ పుట్టుకొస్తే, అప్పుడెందుకు చెప్పలేదన్న ప్రశ్నకు ఓనరు జవాబు వెతుక్కోవాలి. అద్దె బకాయి కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు, కనీసం అన్నాళ్లయినా ఈ కాగితాలు పారేయకూడదు. అడ్వాన్సు విషయంలో అద్దెదారూ ఏళ్ల తరబడి నాన్చకుండా అడగాలి.

ఖాళీ ఇల్లు చేతికి వచ్చినప్పుడే, మినహాయింపులు పోను అడ్వాన్సు తిరిగివ్వాలని 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ అద్దె చట్టం చెబుతుంది. అది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే వర్తించే నమూనా కాబట్టి, ఓనరుకు దాన్ని చూపించి బెదిరించడం కన్నా అగ్రిమెంటులోని షరతు చూపించడమే నయం. మాటలతో తేలకపోతే కోర్టుకు వెళ్లే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకునే వీలుంది. దావా వేయకముందే ఇలాంటి తగాదాలను లోక్ అదాలత్ ముందుకు తెచ్చి ఇద్దరినీ కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడా మొదట అడిగేది ఆఖరి రీడింగు ఎంత, తాళాలు ఏ తేదీన ఇచ్చారు అనే.